మోటరుకు రివ్యూ మే నెలలో రాయాలి



కర్నూలు, కడప జిల్లాల్లో ఇంటి బోరు మోటరు మొరాయించేది ఎక్కువగా ఎండాకాలంలోనే. ఏప్రిల్, మే నెలల్లో బోరులో నీళ్ళు దిగిపోతాయి, కరెంటు ఓల్టేజీ పడిపోతుంది, ఒక ట్యాంకు నిండాలంటే మోటరు ముందుకంటే ఎక్కువసేపు తిరగాల్సి వస్తుంది. ఒకరోజు వైండింగు కాలిపోతుంది. ఇంట్లో ఒకరు మెకానిక్కుకు ఫోను చేస్తుంటే, ఇంకొకరు సెల్‌ఫోనులో కొత్త మోటరు వెతుకుతుంటారు. ఒక సబ్‌మెర్సిబుల్ మోటరుకు 4.3 రేటింగు కనిపిస్తుంది, 500 మంది ఇచ్చిన రేటింగు. కింద సూపర్, వర్త్ ఫర్ మనీ, గుడ్ ప్రొడక్ట్ అని రివ్యూలు. ధర ఊళ్ళో షాపుకన్నా తక్కువ. బట్టలో, చెప్పులో అయితే నచ్చకపోతే వెనక్కి పంపేయవచ్చు. మోటరు అలా కాదు. వందల అడుగుల లోతుకు పైపులతో, కేబులుతో దించిన తర్వాత అది పాడైతే మొత్తం మళ్ళీ పైకి లాగాలి, దానికి మనుషులు కావాలి, కూలి ఇవ్వాలి, ఆ రెండు మూడు రోజులు ట్యాంకరు నీళ్ళు కొనాలి. అందువల్ల ఆ 4.3 అనే అంకె ఎలా పుట్టిందో కాస్త ఓపికగా చూడడం అవసరం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రివ్యూలో ఏం రాశారో చదివి అది నిజమో, డబ్బిచ్చి రాయించిందో తేల్చడం మనవల్ల దాదాపు కాదు. ఎప్పుడు రాశారు, రాసేనాటికి ఆ మనిషికి ఆ సంగతి తెలిసే వీలుందా అని చూస్తే మాత్రం చాలావరకు తేలుతుంది.

మొదటి మాటకు సాక్ష్యం చూద్దాం. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ఒక పరీక్ష పెట్టారు. షికాగో నగరంలోని 20 హోటళ్ళ గురించి బస చేసినవాళ్ళు రాసినట్టు కనిపించే 400 మెచ్చుకోలు రివ్యూలు తీసుకున్నారు. అవే హోటళ్ళ గురించి డబ్బిచ్చి మరో 400 కల్పిత రివ్యూలు రాయించారు. రెండు రకాల్లోంచీ కొన్ని కలిపి మనుషుల చేతికిచ్చి, ఏది నిజం, ఏది కల్పితం చెప్పమన్నారు. వాళ్ళు కళ్ళు మూసుకుని చెప్పినా దాదాపు అంతే వచ్చేది. పైగా వాళ్ళ పొరపాట్లు ఎక్కువగా ఒకే వైపు జరిగాయి. కల్పితాన్ని నిజమని నమ్మేశారు. అదే పనికి తయారుచేసిన కంప్యూటరు ప్రోగ్రాము 90 శాతానికి దగ్గరగా సరిగ్గా చెప్పింది. అంటే తేడా ఉంది, కానీ అది మన కంటికి ఆనేది కాదు. అక్షరదోషాలుంటే దొంగ రివ్యూ, అతిగా పొగిడితే దొంగ రివ్యూ అని మనలో చాలామంది అనుకునేది ఇందుకే నిలవదు. మన జిల్లాల్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో తప్పులతో టైపు చేసేవాళ్ళే ఎక్కువ, వాళ్ళలో చాలామంది నిజమైన కొనుగోలుదారులే. చక్కగా, నిదానంగా, ఒక చిన్న లోపం కూడా చెప్పి మెచ్చుకునే రివ్యూ డబ్బు పుచ్చుకున్నవాడు కూడా రాయగలడు.

మరి ఈ రివ్యూలు ఎలా కొంటారు? ఇది తెలిస్తే ఎక్కడ జాడ దొరుకుతుందో తెలుస్తుంది. మామూలు పద్ధతి మనలో చాలామంది చూసే ఉంటారు. పెట్టెలో వస్తువుతో పాటు ఒక రంగుల కార్డు ఉంటుంది. 5 స్టార్లు ఇచ్చి, ఆ స్క్రీన్‌షాట్ ఫలానా వాట్సాప్ నెంబరుకు పంపితే క్యాష్‌బ్యాక్ ఇస్తామనో, వారంటీ ఇంకో ఆరు నెలలు పొడిగిస్తామనో దానిమీద ఉంటుంది. మనకు అది చిన్న బహుమతిలా కనిపిస్తుంది, కానీ అమ్మేవాడు కొన్న రివ్యూ అదే. రాసినవాడు నిజంగానే కొన్నాడు కాబట్టి పేరు కింద వెరిఫైడ్ పర్చేజ్ అనే ముద్ర కూడా పడుతుంది. ఆ ముద్ర కొన్నాడని మాత్రమే చెబుతుంది, తన ఇష్టంతో రాశాడని చెప్పదు.

ఇంకాస్త పెద్ద ఎత్తున జరిగేది ఫేస్‌బుక్, టెలిగ్రామ్ గ్రూపుల్లో. వస్తువు కొనండి, 5 స్టార్లు ఇవ్వండి, మీ డబ్బు మొత్తం తిరిగి పంపేస్తాం అన్నది అక్కడి ఒప్పందం. కాలిఫోర్నియాలోని పరిశోధకులు ముగ్గురు ఇలాంటి ఫేస్‌బుక్ గ్రూపుల్లో రివ్యూలు కొనుక్కుంటున్న సుమారు 1500 వస్తువులను అమెజాన్‌లో గమనిస్తూ వెళ్ళారు. వాళ్ళ వ్యాసం 2022లో అచ్చయింది. రివ్యూలు కొంటున్నన్నాళ్ళూ రేటింగు, అమ్మకాలు రెండూ పెరిగాయి. కొనడం ఆపగానే రేటింగు జారిపోయింది, 1 స్టారు ఇచ్చేవాళ్ళ వాటా పెరిగింది. అంటే ఆ పొగడ్తలు నమ్మి కొన్నవాళ్ళు తర్వాత వచ్చి తిట్టుకున్నారన్నమాట. అమెజాన్ ఇలాంటి రివ్యూల్లో చాలావాటిని చివరికి తీసేసింది, కానీ సగటున 100 రోజులకు పైగా ఆలస్యంగా. ఆ 100 రోజుల్లో అమ్మకం అయిపోతుంది. వెబ్‌సైటు వాళ్ళే చూసుకుంటారులే అనుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోవలసిన అంకె ఇది.

మన తెలుగు నేలమీద ఈ వ్యాపారం ఎంత మామూలైపోయిందో 2023 జులైలో హైదరాబాదు పోలీసులు బయటపెట్టిన కేసు ఇంకో వైపు నుంచి చూపిస్తుంది. ఇంట్లో కూర్చుని రేటింగులు, రివ్యూలు ఇస్తే డబ్బులు అంటూ టెలిగ్రామ్‌లో పార్ట్ టైం ఉద్యోగం ఎర వేశారు. మొదట చిన్న మొత్తం పెట్టించి లాభం చూపించారు, తర్వాత పెద్ద మొత్తాలు లాగారు. ఫిర్యాదు చేసిన ఒకాయన పోగొట్టుకున్నది 28 లక్షల రూపాయలు. దేశమంతా కలిపి పోయింది 712 కోట్లని పోలీసులు చెప్పారు. ఇది రివ్యూలు కొనే కేసు కాదు, మోసం కేసు. కానీ ఎర ఎందుకు పనిచేసిందో ఆలోచించండి. ముక్కూమొహం తెలియని వ్యాపారానికి 5 స్టార్లు ఇచ్చి డబ్బు తీసుకోవడం ఒక పనేనని అంతమంది ఇట్టే నమ్మారు.

ఇప్పుడు మన మోటరు దగ్గరికి వద్దాం. లెక్క తేలికగా ఉండడానికి అంకెలు నేనే కల్పించి చెబుతున్నాను. 500 మందిలో 360 మంది 5 స్టార్లు, 60 మంది 4, 20 మంది 3, 10 మంది 2, 50 మంది 1 స్టారు ఇచ్చారనుకోండి. సగటు 4.34 వస్తుంది, తెరమీద 4.3 అని కనిపిస్తుంది. ఈ సగటు లోపల రెండు గుంపులున్నాయి, ఆనందించినవాళ్ళు, మండిపడినవాళ్ళు. మధ్యలో ఉన్నవాళ్ళు చాలా తక్కువ. ఇలా ఉండడమే మోసానికి గుర్తా? కాదు. బాగా నచ్చినవాళ్ళు, బాగా కోపమొచ్చినవాళ్ళు మాత్రమే శ్రమపడి రాస్తారు కాబట్టి నిజమైన వస్తువులకు కూడా చాలావాటికి ఇలాంటి ఆకారమే వస్తుంది. కాబట్టి ఆకారం చూసి కంగారు పడొద్దు. 1 స్టారు ఇచ్చిన ఆ 50 మంది ఏమన్నారన్నదే ముఖ్యం.

రేటింగు ఇచ్చినవాళ్ళందరూ రాయరు. 500 మందిలో 120 మంది ఏదో ఒకటి రాశారనుకుందాం. రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని తేదీలు మాత్రం చూస్తూ కిందికి వెళ్ళండి. అక్టోబరులో ఒక ఆరు రోజుల్లోనే 45 రివ్యూలు, అన్నీ 5 స్టార్లు, అంతకు ముందు నెలంతా రెండో మూడో. ఇది అనుమానించదగ్గది. దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది, అది సరైనదే కూడా. దసరా, దీపావళి సేల్ ఉంటే అమ్మకాలు ఒక్కసారిగా పెరుగుతాయి కదా, రివ్యూలు కూడా గుంపుగా రావా? వస్తాయి. తేడా గుంపు లోపల ఉంటుంది. సేల్‌లో కొన్నవాళ్ళలో కొందరికి పెట్టె విరిగి వస్తుంది, కొందరికి ఆలస్యంగా వస్తుంది, కాబట్టి ఆ గుంపులో 3లు, 2లు, 1లు కూడా తమ వంతు ఉంటాయి. పైగా పక్కనున్న మరో కంపెనీ మోటరుకు కూడా అదే వారం రివ్యూలు పెరిగి ఉంటాయి. ఒక్క మోటరుకే పెరిగి, అందులో 5 తప్ప ఇంకో అంకె లేకపోతే పండుగ మీద నెపం వేయలేం.

ఆ 45 రివ్యూలు నిజమైనవే అనుకున్నా, అవి మోటరు గురించి మనకేం చెబుతాయి? ఎక్కువభాగం ప్యాకింగ్ బాగుంది, టైముకు వచ్చింది, నీళ్ళు ఫోర్సుగా వస్తున్నాయి అనే చెబుతాయి. మోటరు దించిన వారంలో ఏ మోటరైనా నీళ్ళు ఎత్తుతుంది. వైండింగు రాగిదా, అల్యూమినియమా అన్నది బయటికి కనిపించదు. లో ఓల్టేజీలో మోటరు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కితే తట్టుకుంటుందా, నీటిమట్టం మోటరు కిందికి దిగి కాసేపు ఉత్తగా తిరిగితే ఏమవుతుంది, నీళ్ళలో వచ్చే ఇసుకకు బుష్షులు ఎన్నాళ్ళు ఆగుతాయి, ఇవన్నీ తెలిసేది ఒక ఎండాకాలం గడిచాకే. అక్టోబరులో రాసినవాడు ఎంత నిజాయితీపరుడైనా అతనికి ఇది తెలిసే వీలు లేదు. మోటరు విషయంలో దొంగ రివ్యూకంటే తొందరపడి రాసిన మంచి రివ్యూయే మనల్ని ఎక్కువగా ముంచుతుందని నా అభిప్రాయం.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు కూడా ఉంది. కడప జిల్లా నుంచి, ఆ చుట్టుపక్కల నుంచి కువైట్‌కు, గల్ఫ్ దేశాలకు వెళ్ళినవాళ్ళు చాలామంది. బెంగళూరు, హైదరాబాదుల్లో పనిచేస్తూ ఊళ్ళో అమ్మానాన్నలకు అక్కడి నుంచే ఆర్డరు పెట్టే పిల్లలు ఇంకా ఎక్కువ. డబ్బు కట్టింది కొడుకు, రివ్యూ అడిగే మెసేజు వెళ్ళేది కొడుకు ఫోనుకు, మోటరు నడిపేది తండ్రి. వస్తువు అందిందని నాన్న చెప్పగానే కొడుకు 5 నొక్కుతాడు. మే నెలలో కాలిపోతే నాన్న మెకానిక్కును పిలుచుకుంటాడు, కొడుకు మళ్ళీ వెనక్కి వెళ్ళి 5ను 1గా మార్చడు. ఎవరూ అబద్ధం ఆడలేదు, అయినా అంకె తప్పే.

అందుకని వాడిన కాలం చెప్పిన రివ్యూలను మాత్రం వేరు చేయండి. రివ్యూల్లో వెతికే పెట్టె ఉంటే అక్కడ months, summer, winding, burnt లాంటి మాటలు కొట్టండి, మనవాళ్ళు రాసే తీరులో kalipoyindi కూడా కొట్టి చూడండి. మన ఉదాహరణలో అలా 35 రివ్యూలు దొరికాయని, అందులో 18 మంది మోటరు ఆగిపోయిందన్నారని, 17 మంది బాగా నడుస్తోందన్నారని అనుకుందాం. 18 మందిలో ఎక్కువమంది తేదీలు ఏప్రిల్, జూన్ మధ్యే. ఇక్కడ ఇంకో అభ్యంతరం. ఆరు నెలల తర్వాత తిరిగొచ్చి రాసేది కోపమొచ్చినవాళ్ళే కదా, నడుస్తున్నవాడు ఎందుకు వస్తాడు? నిజం. అందుకే సగం మోటర్లు కాలిపోయాయని ఈ లెక్క నుంచి చెప్పకూడదు. కానీ ఆ వంకర అన్ని కంపెనీల మోటర్లకూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కాబట్టి పక్కనున్న రెండో మోటరుకు కూడా ఇదే జల్లెడ పట్టండి. దాని రేటింగు 4.1 మాత్రమే అనుకోండి, వాడిన కాలం చెప్పిన 30 మందిలో 7 మందే ఆగిపోయిందన్నారు. అంకె తక్కువైనా కొనదగ్గది రెండోది. 4.3కూ 4.1కీ మధ్య తేడా ప్యాకింగ్ గురించి అయ్యుండవచ్చు, 18కీ 7కీ మధ్య తేడా మాత్రం మోటరు గురించే.

ఇంకో రెండు చోట్ల జాగ్రత్త. ఒకే పేజీలో అర హెచ్‌పీ, ఒక హెచ్‌పీ, రెండు హెచ్‌పీ మోటర్లు కలిపి పెడతారు, రివ్యూలన్నీ కలిసిపోతాయి. 150 అడుగుల బోరులో ఒక హెచ్‌పీ మోటరుతో సంతోషపడినవాడి మాట 400 అడుగుల బోరున్నవాడికి పనికిరాదు. లోతు పెరిగేకొద్దీ అదే మోటరు తెచ్చే నీళ్ళు తగ్గిపోతాయి, ఒక ఎత్తు దాటితే అసలు రావు. కాబట్టి రివ్యూలో అడుగులు చెప్పారా, ఏ హెచ్‌పీ అని చెప్పారా చూడండి. రెండోది, పాత వస్తువుకు వచ్చిన మంచి రివ్యూలను కొత్త వస్తువు పేజీకి అతికించడం. అమెరికాలో ఇలా చేసినందుకు ఒక విటమిన్ల కంపెనీ 2023లో అక్కడి వాణిజ్య కమిషన్‌కు 6 లక్షల డాలర్లు కట్టింది. మోటరు పేజీలో మిక్సీ గురించో, టార్చిలైటు గురించో మాట్లాడే పాత రివ్యూలు కనిపిస్తే ఇక ఆ పేజీలో చూడవలసింది లేదు.

పోటీ కంపెనీవాళ్ళు 1 స్టార్లు కొని ఇప్పించరా అని అడిగేవాళ్ళున్నారు. ఇప్పిస్తారు. దానికీ తేదీలే కొలత. నిజమైన ఫిర్యాదులు నెలల తరబడి చెదురుమదురుగా వస్తాయి, ఒక్కొక్కటి ఒక్కో వివరం చెబుతుంది. ఒకటి కెపాసిటర్ పోయిందంటుంది, ఒకటి సర్వీసు సెంటరు వాళ్ళు ఫోను తీయలేదంటుంది, ఒకటి పైకి తీస్తే వైండింగు నల్లగా ఉందంటుంది. రెండు రోజుల్లో గుంపుగా వచ్చి చెత్త, కొనకండి అని మాత్రమే అనేవాటిని పక్కన పెట్టవచ్చు.

ఇంటర్నెట్టులో కొనకుండా, గూగుల్ మ్యాప్స్‌లో కర్నూలులోనో, ప్రొద్దుటూరులోనో మోటరు షాపు వెతుక్కునేవాళ్ళకు సంగతి వేరు. అక్కడ రేటింగు ఇవ్వడానికి కొన్నట్టు రుజువు అక్కర్లేదు, ఒక ఖాతా ఉంటే చాలు. పైగా మన ఊళ్ళ షాపులకు రేటింగులు తక్కువ. 12 మంది 5 స్టార్లు ఇచ్చిన షాపుకు 5.0 కనిపిస్తుంది, 600 మంది ఇచ్చిన ఇంకో షాపుకు 4.2 కనిపిస్తుంది. మొదటి షాపుకు ఇద్దరు కోపంతో 1 ఇస్తే చాలు, 5.0 కాస్తా 4.4 అవుతుంది. రెండో షాపుకు అదే ఇద్దరు 1 ఇస్తే 4.2 అలాగే ఉంటుంది. అంటే 5.0 అనేది ఇంకా కుదురుకోని అంకె. యజమాని బంధువులు పన్నెండు మంది చాలు దాన్ని తేవడానికి. రాసినవాళ్ళ పేరు మీద నొక్కితే వాళ్ళు ఇంకా వేటికి రేటింగు ఇచ్చారో చాలావరకు కనిపిస్తుంది. ఒకే వారంలో కర్నూలు మోటరు షాపుకు, జైపూరు పళ్ళ డాక్టరుకు, గురుగ్రామ్ ప్యాకర్స్ అండ్ మూవర్స్‌కు 5 ఇచ్చిన ఖాతా ఏం పనిచేస్తోందో వేరే చెప్పనక్కర్లేదు. అయితే కర్నూలుతో పాటు బెంగళూరు, హైదరాబాదు కనిపించాయని అనుమానించకండి. మన పిల్లల జీవితమే అలా ఉంది.

చట్టం సంగతి క్లుప్తంగా. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాడు తానే వినియోగదారుడినని నటిస్తూ రివ్యూ రాయకూడదు. 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూల కోసమే IS 19000:2022 అనే ప్రమాణం తెచ్చింది. డబ్బిచ్చి రాయించిన రివ్యూలను ప్రచురించకూడదని అందులో ఉంది, కానీ పాటించడం కంపెనీల ఇష్టానికి వదిలేసి దాన్ని మొదలుపెట్టారు. కాబట్టి కొనే ముందు చట్టం మనల్ని పెద్దగా కాపాడదు, కొన్నాక మాత్రం పనికొస్తుంది. 1915 నెంబరుకు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు. అందుకోసం కొన్న రోజే ఆ పేజీని, పెట్టెలో వచ్చిన క్యాష్‌బ్యాక్ కార్డును ఫోటో తీసి పెట్టుకోవడం మంచిది. తర్వాత ఆ పేజీ మారిపోతుంది.

ఇదంతా చదివే ఓపిక ఎవరికుంది, తెలిసిన మెకానిక్కును అడిగితే పోదా అనేవాళ్ళకు నా దగ్గర సగం ఒప్పుకోలే ఉంది. కాలిన మోటర్లు విప్పి చూసే మనిషి 500 రేటింగులకన్నా ఎక్కువే చూసి ఉంటాడు. కాకపోతే చాలా ఊళ్ళలో మెకానిక్కుకు షాపు నుంచి కమిషన్ వస్తుంది, అది కూడా డబ్బిచ్చిన రివ్యూయే, తెరమీద కనిపించదంతే. కాబట్టి ఏ మోటరు మంచిదన్నా అని అడగకండి. ఈ ఎండాకాలంలో నీ దగ్గరికి రీవైండింగుకు ఏవి ఎక్కువ వచ్చాయి అని అడగండి. ఆ ప్రశ్నకు కమిషన్ కోసం అబద్ధం చెప్పడం కొంచెం కష్టం, ఎందుకంటే ఆ మోటర్లు అతని షాపు ముందే పడి ఉంటాయి. అప్పుడు కూడా ఇంకో ప్రశ్న మిగులుతుంది. ఆ కంపెనీ మోటర్లే ఊళ్ళో ఎక్కువ అమ్ముడైతే రిపేరుకు వచ్చేవి కూడా అవే ఎక్కువ ఉంటాయి. కాబట్టి వచ్చినవి ఎన్ని అని అడిగాక, ఊళ్ళో ఆ కంపెనీవి మొత్తం ఎన్ని బోర్లలో ఉన్నాయి అని కూడా అడగండి.